డ్రా నో బెట్టా, డబుల్ చాన్సా? మూడు రేట్లలోంచి ఫెయిర్ రేటు తీసి ఎంచుకునే పద్ధతి

ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఎక్కడ చూసినా ముందు కనిపించేవి మూడు రేట్లు: హోమ్ జట్టు గెలుపు, డ్రా, అవే జట్టు గెలుపు. స్క్రీన్ మీద వీటిని 1, X, 2 అని చూపిస్తారు. వీటి పక్కనే డ్రా నో బెట్, డబుల్ చాన్స్ అని ఇంకో రెండు రకాలు ఉంటాయి. డ్రా నో బెట్‌లో మన జట్టు గెలిస్తే లాభం, డ్రా అయితే పెట్టింది పెట్టినట్టు తిరిగి వస్తుంది, ఓడితే పోతుంది. డబుల్ చాన్స్‌లో మూడు ఫలితాల్లో రెండు మనవే. హోమ్ గెలిచినా డ్రా అయినా మనదే అయితే దాన్ని 1X అంటారు. ఈ రెండు రకాలకీ కొత్త సమాచారం ఏమీ అక్కర్లేదు. మొదటి మూడు రేట్లలోనే వాటి ధర దాగి ఉంది.

మా పర్లాకిమిడిలో, అటు గుణుపురంలో, బరంపురంలో శనివారం రాత్రి ప్రీమియర్ లీగ్ చూసే తెలుగు కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. ఒడిశా ఎఫ్‌సీ భువనేశ్వర్‌కి వచ్చాక మన దేశపు లీగ్ మీద కూడా ఆసక్తి పెరిగింది. మేం కొంతమందిమి కలిసి పాయింట్ల లీగ్ ఒకటి నడుపుకుంటున్నాం. వారానికి తలా 100 పాయింట్లు, ఎవరి అంచనా వాళ్లది, డబ్బు మాత్రం ఒక్క రూపాయి కూడా చేతులు మారదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. ఒడిశాలో జూదం మీద 1955 నాటి చట్టం ఎలాగూ ఉంది. కాబట్టి ఇక్కడ నేను చెప్పేదంతా పాయింట్ల లెక్క, కాగితం మీది లెక్క. అయినా రేటు సరిగ్గా ఉండాలి. డ్రా నో బెట్ కాలమ్‌లో రేటు కాస్త ఎక్కువ వేస్తే అందరూ అటే పోతారు, అప్పుడు లీగ్‌లో తేలేది అంచనా బలం కాదు, పట్టిక రాసినవాడి పొరపాటు.

ముందు మార్జిన్ తీసేయాలి

ఒక మ్యాచ్ తీసుకుందాం. హోమ్ 2.10, డ్రా 3.40, అవే 3.60. రేటు 2.10 అంటే 100 పెట్టి గెలిస్తే పెట్టిన వందతో కలిపి 210 వస్తుందని అర్థం. ప్రతి రేటునీ తిప్పితే, అంటే 1ని ఆ రేటుతో భాగిస్తే, ఆ ఫలితానికి మార్కెట్ ఇస్తున్న శాతం వస్తుంది: హోమ్ 47.6, డ్రా 29.4, అవే 27.8. కూడితే 104.8. మూడింటిలో ఒకటే జరుగుతుంది కాబట్టి మొత్తం 100 ఉండాలి. మిగిలిన 4.8 రేటు ఇచ్చేవాడి మార్జిన్.

దాన్ని తీసేయడానికి తేలిక పద్ధతి, మూడు శాతాలనీ 1.048తో భాగించడమే. హోమ్ 45.4, డ్రా 28.1, అవే 26.5 వస్తాయి. ఇవి మార్జిన్ లేని శాతాలు. వీటినుంచి మనకు కావాల్సిన రెండు ధరలూ, అంటే మార్జిన్ లేని ఫెయిర్ రేట్లు, వస్తాయి.

డబుల్ చాన్స్ 1X అంటే హోమ్, డ్రా శాతాలు కలపడం: 45.4, 28.1 కలిపితే 73.5. ఒకటిని 0.735తో భాగిస్తే 1.36. డ్రా నో బెట్‌లో డ్రాని లెక్కలోంచే తీసేస్తాం, ఎందుకంటే డ్రా అయితే ఏమీ జరగనట్టే. మిగిలిన హోమ్, అవే రెండింటిలో హోమ్ వాటా ఎంతో చూస్తాం. 45.4ని 71.9తో భాగిస్తే 63.1 శాతం, రేటు 1.58.

ఇక్కడ ఒక చక్కని విషయం ఉంది. డ్రా నో బెట్ లెక్కలో మార్జిన్ పైనా కిందా ఒకేలా ఉండి కొట్టేసుకుపోతుంది. అందుకే శాతాలు తీయకుండానే నేరుగా రెండు రేట్లతో చేసేయొచ్చు. షీట్‌లో హోమ్ రేటు B2లో, డ్రా C2లో, అవే D2లో ఉంటే ఇలా:

```
డ్రా నో బెట్ హోమ్:   =1+B2/D2
డబుల్ చాన్స్ 1X:  =(1/B2+1/C2+1/D2)/(1/B2+1/C2)
```

మొదటిది 1 + 2.10/3.60, అంటే 1.583. డ్రా రేటు అందులో ఎక్కడా లేదు. ఇది గుర్తుంచుకోండి, ఎంపిక దగ్గరకు వచ్చేసరికి పనికొస్తుంది.

మూడూ ఒకే పందెం, పంచేది వేరు

మా లీగ్‌లో డిగ్రీ చదివే కుర్రాడొకడు అడిగాడు, "అన్నా, డ్రా నో బెట్‌కి 1.58, డబుల్ చాన్స్‌కి 1.36ఏ ఇస్తున్నారు. మరి డబుల్ చాన్స్ ఎవడు తీసుకుంటాడు?" అని. "తమ్ముడూ, డ్రా అయితే నీకు సున్నా, వాడికి 36 పాయింట్ల లాభం. ఆ 36 కోసమే వాడు గెలుపు మీద 22 వదులుకున్నాడు" అన్నాను. వాడి ప్రశ్న మాత్రం సరైన చోటే తగిలింది, ఎందుకంటే ఈ రెండిటి మధ్య తేడా మొత్తం డ్రా మీద ఎంత పెడుతున్నామన్న దాంట్లోనే ఉంది.

డ్రా నో బెట్ అని వేరే వస్తువు ఏదీ లేదనుకోండి. మీ దగ్గర 100 పాయింట్లు, పైన చెప్పిన 2.10, 3.40 రేట్లు మాత్రమే ఉన్నాయి. డ్రా అయితే 100 తిరిగి రావాలంటే డ్రా మీద 100ని 3.40తో భాగించి, 29.41 పెట్టాలి. మిగతా 70.59 హోమ్ మీద. హోమ్ గెలిస్తే 148.24 వస్తుంది. అంటే మీరే 1.48కి డ్రా నో బెట్ తయారుచేసుకున్నట్టు. డబుల్ చాన్స్ కావాలంటే రెండు ఫలితాల్లోనూ ఒకే మొత్తం రావాలి, అందుకని హోమ్ మీద 61.82, డ్రా మీద 38.18.

| 100 పాయింట్లు ఎలా పంచాం | హోమ్ గెలిస్తే | డ్రా అయితే | అవే గెలిస్తే |
|---|---|---|---|
| హోమ్ మీదే 100 | 210 | 0 | 0 |
| డ్రా నో బెట్: 70.59 + 29.41 | 148.24 | 100 | 0 |
| డబుల్ చాన్స్ 1X: 61.82 + 38.18 | 129.82 | 129.82 | 0 |

పట్టిక పైనుంచి కిందికి చూస్తే డ్రా మీద వాటా సున్నా నుంచి 29కి, అక్కడినుంచి 38కి పెరుగుతోంది. అంతే. ఒకటి జాగ్రత్తపరుడిది, ఇంకోటి ధైర్యవంతుడిది అని జనం అంటుంటారు గానీ, ఆ మాట నాకు నచ్చదు. జాగ్రత్త అనేది ఎన్ని పాయింట్లు పెడుతున్నామన్న దాంట్లో ఉంటుంది. వీటిలో ఏది పట్టుకోవాలన్నది డ్రా గురించి మీరు ఏమనుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇదే పట్టిక ఇంకో పనికి కూడా పనికొస్తుంది. రేటు ఇచ్చేవాడు డ్రా నో బెట్‌కి 1.53 చూపిస్తున్నాడనుకోండి. ఫెయిర్ రేటు 1.58, మనం హోమ్, డ్రా రేట్లతో కలిపి చేసుకుంటే వచ్చేది 1.48. కాబట్టి 1.53 ఫెయిర్ కాదు గానీ, సొంతంగా కట్టుకునే దానికన్నా మెరుగు. అదే మనిషి 1Xకి 1.30 ఇస్తే ఫెయిర్ 1.36, సొంతంగా కట్టుకుంటే 1.298. ఇక్కడ అతను ఇచ్చేది మనం కట్టుకునేది దాదాపు ఒకటే. ఒకే స్క్రీన్ మీద, ఒకే మ్యాచ్‌కి, డబుల్ చాన్స్ రేటులో 4.5 శాతం పోతుంటే డ్రా నో బెట్ రేటులో 3.4 శాతమే పోతోంది. పైగా డ్రా అయినప్పుడు డ్రా నో బెట్‌లో మార్జిన్ ఏమీ పోదు, పెట్టింది మొత్తం వెనక్కి వస్తుంది. కాబట్టి వంద పాయింట్లకు సగటున పోయేది ఇంకా తక్కువ, 2.4 మాత్రమే.

డబుల్ చాన్స్ మార్జిన్ లెక్కేసేటప్పుడు మాత్రం చాలామంది తడబడతారు. 1X, X2, 12 మూడింటినీ తిప్పి కూడితే 209 వస్తుంది, అది చూసి "నూటికి నూటతొమ్మిది మార్జిన్" అని గాభరా పడతారు. ప్రతి ఫలితమూ రెండు గడుల్లో ఉంటుంది కాబట్టి ఫెయిర్ మొత్తం 100 కాదు, 200. 209ని రెండుతో భాగించి, 104.5 అని చదవాలి.

మీ అభిప్రాయం ఎక్కడ తేడా పడుతోంది?

మా లీగ్ పట్టికలో ఉండేవి ఫెయిర్ రేట్లే, అందులో మార్జిన్ లేదు. మార్కెట్‌తో మీరు పూర్తిగా ఏకీభవిస్తే ఏది తీసుకున్నా సగటున ఒకటే, లాభమూ లేదు నష్టమూ లేదు. కాబట్టి ఎంచుకోవడం అంటే మార్కెట్‌తో మీకు ఎక్కడ భేదం ఉందో తెలుసుకోవడం. దాన్ని మూడు రకాలుగా విడదీసి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

హోమ్ జట్టు మార్కెట్ అనుకున్నదానికన్నా బలమైనదని, డ్రా మాత్రం మామూలే అని మీ నమ్మకం అనుకోండి. హోమ్ 45.4 కాదు 49, అవే 26.5 కాదు 23 అంటారు. అప్పుడు వంద పాయింట్లకు నేరుగా హోమ్ మీద సగటు లాభం 7.8, డ్రా నో బెట్‌లో 5.6, 1Xలో 4.9. మీ అభిప్రాయం గెలుపు గురించి అయినప్పుడు డ్రా మీద పాయింట్లు పెట్టేకొద్దీ ఆ అభిప్రాయాన్ని మీరే పలచన చేసుకుంటున్నారు. రాత్రికి టెన్షన్ తగ్గాలని డ్రా నో బెట్ తీసుకుంటామంటే తప్పు లేదు, కాని దానికి ఇచ్చే ధర రెండు పాయింట్ల పైనే.

రెండో రకం, అవే జట్టు గెలవదు గానీ డ్రా చేయగలదు అనుకోవడం. ముందు వరసలో గోల్ కొట్టేవాడు గాయంతో లేడు, వెనక రక్షణ మాత్రం గట్టిగానే ఉంది, అలాంటి జట్టు. అవే వాటాలోంచి దాదాపు 4 శాతం డ్రాకి వెళ్తుంది: అవే 22.6, డ్రా 32, హోమ్ 45.4లో మార్పు లేదు. నేరుగా హోమ్ మీద లాభం సున్నా. డ్రా నో బెట్‌లో 3.9. 1Xలో 5.4. ఇలాంటి మ్యాచ్‌కే డబుల్ చాన్స్ పుట్టింది. ఎందుకంటే 1X ఫెయిర్ రేటు ఒక్క అవే శాతం మీదే ఆధారపడుతుంది. 1X అంటే అవే గెలవదు అని చెప్పడమే, ఇంకేమీ కాదు.

మూడోది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, కాని బయటికి ఒకేలా కనబడుతుంది. "ఈ మ్యాచ్ డ్రా అయ్యేలా ఉంది" అని అందరం అంటాం. ఆ డ్రా ఎవరి వాటాలోంచి వస్తోంది? ఇందాక అవే వాటాలోంచి వచ్చింది. ఇప్పుడు హోమ్ జట్టు అలిసిపోయి గెలవలేక డ్రా చేస్తుందనుకుంటే, హోమ్ 45.4 నుంచి 41.5కి పడిపోతుంది, అవే అలాగే ఉంటుంది. 1X ఫెయిర్ రేటు ఇసుమంత కూడా మారదు. డ్రా నో బెట్ ఫెయిర్ రేటు 1.58 నుంచి 1.64కి పెరుగుతుంది, అంటే 1.58కి తీసుకుంటే మీరు నష్టపోతున్నారు. డ్రా వస్తుందన్న భయంతో డ్రా నో బెట్ తీసుకునేవాళ్లు ఎక్కువగా పడేది సరిగ్గా ఈ గుంటలోనే. డ్రా పెరుగుతుందని నమ్మి, డ్రా అయితే లాభమేమీ ఇవ్వని చోట పాయింట్లు పెడతారు.

డ్రా రెండు జట్ల వాటాలోంచీ వాటి వాటి నిష్పత్తిలో వస్తే డ్రా నో బెట్ రేటు ఏమాత్రం కదలదు, ముందు చెప్పిన సూత్రంలో డ్రా లేదు కదా. వాన పడి గ్రౌండ్ బురదగా ఉండి ఇద్దరికీ గోల్స్ తగ్గే రోజు ఇలాంటిదే. 1Xకి మాత్రం ఆ రోజు రెండు పాయింట్ల దాకా మేలు జరుగుతుంది. డ్రా రేటు మీద మీకు నమ్మకం లేకపోతే, ఎంత ఉండాలో తేల్చుకోలేకపోతే, డ్రా నో బెట్ పక్కన నిలబడటం సుఖం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే రెండు జట్లనీ పోల్చొచ్చు.

పెద్ద జట్టు, చిన్న జట్టు మ్యాచ్‌లో

ఇంతవరకు చేసింది మార్జిన్‌ని మూడింటి మీదా సమానంగా పంచడం. సమ ఉజ్జీల మ్యాచ్‌లో అది సరిపోతుంది. పెద్ద జట్టు సొంత గడ్డ మీద చిన్న జట్టుతో ఆడేటప్పుడు సరిపోదు. రేట్లు ఇచ్చేవాళ్లు తక్కువ అవకాశం ఉన్న ఫలితం మీద మార్జిన్ ఎక్కువ వేస్తారన్నది ఎప్పటినుంచో తెలిసిన విషయం. ఆ లెక్కన చిన్న జట్టు నిజమైన శాతం, సమానంగా పంచితే వచ్చేదానికన్నా తక్కువ ఉంటుంది.

హోమ్ 1.25, డ్రా 6.00, అవే 13.00 అనుకుందాం. తిప్పి కూడితే 104.4. సమానంగా పంచితే హోమ్ 76.7, డ్రా 16.0, అవే 7.4. అవే డ్రా నో బెట్ 11.40 అవుతుంది.

దీనికి బదులు ఘాతం పద్ధతి ఒకటుంది. తిప్పిన మూడు సంఖ్యలనూ ఒకే ఘాతానికి ఎత్తి, మొత్తం సరిగ్గా 1 అయ్యేలా ఆ ఘాతాన్ని వెతకాలి. షీట్‌లో ఘాతాన్ని ఒక గడిలో పెట్టి గోల్ సీక్‌తో మొత్తం 1 చేయమంటే క్షణంలో తేలుతుంది. చేత్తో చేసినా నాలుగైదు సార్లు సవరిస్తే దొరుకుతుంది. ఈ మ్యాచ్‌కి ఘాతం సుమారు 1.068. హోమ్ 78.8, డ్రా 14.7, అవే 6.5 వస్తాయి. ఇప్పుడు అవే డ్రా నో బెట్ 13.20. హోమ్ డ్రా నో బెట్ 1.096 నుంచి 1.082కి తగ్గింది. అవే, డ్రా కలిపిన X2 4.28 నుంచి 4.72కి పెరిగింది.

ఏది నిజం? దీన్ని ఒక్క మ్యాచ్ చూసి ఎవరూ తేల్చలేరు. నేను మాత్రం పెద్ద, చిన్న జట్ల మ్యాచ్‌కి ఘాతం పద్ధతే వాడతాను, ఎందుకంటే సమానంగా పంచితే చిన్న జట్టుకు ఎప్పుడూ ఒకే వైపు తేడా వస్తుంది, అలా వచ్చేది లీగ్‌లో వారం వారం పోగుపడుతుంది. మొదటి మ్యాచ్‌కి రెండు పద్ధతులూ పోల్చితే హోమ్ డ్రా నో బెట్ 1.583, 1.569. ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. రెండు పద్ధతుల మధ్య తేడా మీరు కనిపెట్టాననుకుంటున్న లాభం కన్నా ఎక్కువైతే మాత్రం ఆ లాభం లేనట్టే లెక్క. అవే డ్రా నో బెట్‌కి ఎవరో 12.00 చూపిస్తే ఒక పద్ధతి ప్రకారం అది బేరం, ఇంకో పద్ధతి ప్రకారం కాదు. అలాంటిచోట ఆగిపోవడమే మంచిది.

రేటు తీసుకునేటప్పుడు

మూడు రేట్లూ ఒకే చోటు నుంచి, ఒకే సమయంలో తీసుకోవాలి. హోమ్ ఒక చోట, డ్రా ఇంకో చోట బాగున్నాయని ఏరుకుంటే మొత్తం 100కి చాలా దగ్గరగా వస్తుంది, ఒక్కోసారి కిందికి కూడా పోతుంది. అప్పుడు తీసేయడానికి మార్జిన్ ఏమీ మిగలదు, ఫెయిర్ రేటు అనుకున్నది ఎవరి అభిప్రాయమూ కాకుండా పోతుంది. జట్టు పేర్లు ప్రకటించాక రేట్లు కదులుతాయి కాబట్టి మా పట్టిక మ్యాచ్‌కి గంట ముందు తీసినది, దాన్ని మధ్యలో మార్చం.

సైట్‌లో ఆసియన్ హ్యాండికాప్, అంటే ఒక జట్టుకు లెక్కలో గోల్స్ కలిపో తీసేసో ఇచ్చే రేటు, కనిపిస్తే అది కూడా చూడండి. హ్యాండికాప్ 0 అంటే డ్రా నో బెట్టే. హోమ్‌కి +0.5 అంటే 1X. హోమ్‌కి −0.5 అంటే నేరుగా హోమ్ గెలుపు. అదే వస్తువుకు అక్కడ మార్జిన్ తరచు తక్కువగా ఉంటుంది, అందుకే మన లెక్క సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవడానికి అది మంచి అద్దం. మన 1.58కీ అక్కడ మార్జిన్ తీసేశాక వచ్చేదానికీ 0.05కి మించి తేడా ఉంటే ఏదో ఒక రేటు పాతదై ఉంటుంది, లేదా అంకె తప్పుగా ఎక్కించి ఉంటాం.

నాకౌట్ మ్యాచ్‌ల దగ్గర ఒక్క విషయం లీగ్‌లో ఉన్నవాళ్లందరికీ ముందే చెప్పి ఉంచాలి. 1, X, 2 రేట్లు 90 నిమిషాలూ, ఇంజురీ టైమ్ వరకే. ఎక్స్‌ట్రా టైమ్ వీటిలోకి రాదు. మన జట్టు పెనాల్టీ షూటౌట్‌లో గెలిచి తర్వాతి రౌండ్‌కి వెళ్లినా లెక్కలో అది డ్రానే, డ్రా నో బెట్‌లో పాయింట్లు వెనక్కి వస్తాయి, 1X గెలుస్తుంది. తర్వాతి రౌండ్‌కి ఎవరు వెళ్తారన్న రేటులో డ్రా ఉండదు కాబట్టి అది డ్రా నో బెట్‌లా కనిపిస్తుంది. కాని అందులో ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు కలిసి ఉంటాయి. 90 నిమిషాల డ్రాలో సగానికి దగ్గరగా ఒక్కో జట్టుకీ పంచినట్టు ఉంటుంది. మొదటి మ్యాచ్ అంకెలతో చూస్తే హోమ్ 45.4కి డ్రా 28.1లో సగం కలిపితే సుమారు 59.5, రేటు 1.68. డ్రా నో బెట్ 1.58. ఈ రెంటినీ ఒకే కాలమ్‌లో పెడితే ఆ వారం లీగ్ మొత్తం తారుమారవుతుంది.